33.4 సెకన్ల వాయిస్ సరిగ్గా 30కి దించాలి. 11% టెంపో పెడితే గొంతు నీళ్లలో మునిగినట్టుంది

మైకుముందు

అందరికీ నమస్తే. నీళ్ల ఫిల్టర్‌కి రేడియో యాడ్ ఒకటి చదివాను. ఫైలు 33.4 సెకన్లు వచ్చింది. కావాల్సింది 30, సరిగ్గా. దాటితే ఎంతవరకు వస్తే అంతవరకు వేసి ఆపేస్తామని ముందే చెప్పారు. చివర్లో ఉన్నది ఫోన్ నంబరే, అది తెగితే యాడ్ ఎందుకు? స్క్రిప్టు క్లయింట్ ఓకే చేసేశారు కాబట్టి ఒక్క మాట కూడా తీయలేను. మళ్లీ చదువుదామంటే జలుబు చేసింది, గొంతు మ్యాచ్ అవ్వదు.

ఆడాసిటీలో మూడు రకాలుగా ప్రయత్నించాను. `Change Speed and Pitch` పెడితే చిన్నపిల్ల మాట్లాడినట్టయింది. `Change Tempo` 11.33% పెడితే లెక్కకి 30 వచ్చింది, గొంతూ నాదే, కానీ బక్కెట్లో తల పెట్టి మాట్లాడినట్టుంది. ఆఖరికి `Truncate Silence` పెట్టాను: థ్రెషోల్డ్ -30, డ్యూరేషన్ 0.1, ట్రంకేట్ 0.05. అది 27 చిల్లరకి పడిపోయింది. పోనీ చివర ఖాళీ వదిలేద్దామనుకుంటే వినడానికి ఏదో తేడాగా ఉంది. తేడా ఏంటో చెప్పలేకపోతున్నాను. ఈ మూడింట్లో దేన్ని పట్టుకుని ముందుకెళ్లాలి?

టకటక

సింపుల్. 33.4 నుంచి 30 అంటే 3.4 తగ్గాలి. 3.4ని 33.4తో భాగిస్తే 10.2 శాతం. మీరు 11.33 పెట్టారు, అందుకే పాడైంది. 10.2 పెట్టి, కింద ఉన్న `Use high quality stretching (slow)` టిక్ చేయండి. అయిపోయింది.

రాత్రి ఎడిటర్

నేనైతే వీడియోలో చివరి షాట్ కాస్త కట్ చేసి సరిపెట్టేస్తాను. లేదంటే మ్యూజిక్‌ని ఫేడౌట్ చేస్తే 30లో నీట్‌గా ముగుస్తుంది కదా?

మైకుముందు

వీడియో లేదండీ, రేడియోకి. మాటే అయిపోవట్లేదు, మ్యూజిక్ ఫేడ్ చేసి ఏం లాభం :)

కత్తెర బాబాయ్

టకటక, సగం చెప్పావు, రెండో సగం తప్పింది. హై క్వాలిటీ టిక్ పెట్టమన్నది సరైన సలహానే. లెక్కే తిరగబడింది. ఆ డబ్బాలో వేసేది నిడివి ఎంత తగ్గాలన్న శాతం కాదు, వేగం ఎంత పెరగాలన్న శాతం. 10.2 పెడితే 33.4ని 1.102తో భాగిస్తుంది, 30.31 వస్తుంది. యాడ్ తెగిపోవడానికి ఆ 0.31 చాలు. 30 రావాలంటే అమ్మాయి పెట్టిన 11.33 కరెక్టే. అదే డబ్బాలో `Length (seconds)` అని ఇంకో గడి ఉంటుంది, అక్కడ కావాల్సిన సెకన్లే నేరుగా కొడితే శాతాల గొడవే ఉండదు.

అయితే అసలు సమస్య శాతం కాదమ్మా. 3.4 సెకన్లు మొత్తాన్నీ ఒక్క పనిముట్టుతో లాగాలని చూశావు. మొదట కత్తిరింపు, మిగిలిన కాస్తకే స్ట్రెచ్. ఒంటరి గొంతుకి నా చెవి 4, 5 శాతం దాకా ఒప్పుకుంటుంది. 7 దాటితే తెలిసినవాళ్లకి తెలిసిపోతుంది, 10 దగ్గర అందరికీ తెలుస్తుంది. నీ ఒరిజినల్ ఫైల్లో ఖాళీలు కొలిచి ఇక్కడ పెట్టు. మొదట ఎంత, చివర ఎంత, వాక్యాల మధ్య ఎంత, కామాల దగ్గర ఎంత. ఊరికే చూసి చెప్పకు, సెలెక్ట్ చేసి కింద సంఖ్య చదివి రాయి.

మైకుముందు

కొలిచాను బాబాయ్. మొదటి మాటకి ముందు 0.45, చివరి అంకె తర్వాత 0.60. వాక్యాల మధ్య ఐదు ఖాళీలు, అన్నీ కలిపి 3.10. కామాల దగ్గర నాలుగు, కలిపి 1.12. వాక్యాల మధ్య ఖాళీల్లో నా ఊపిరి కూడా ఉంది.

కత్తెర బాబాయ్

బాగుంది. ఇప్పుడు నీ 27 చిల్లర ఫైలు సంగతి చూడు. నువ్వు పెట్టిన సెట్టింగ్ ప్రకారం రెండు చివరలూ, ఆ తొమ్మిది ఖాళీలూ ఒక్కోటి 0.05కి దిగుతాయి. ఆ లెక్కన 28.7 దగ్గర ఆగాలి. నీది ఇంకో సెకను కిందికి పోయింది. ఆ సెకను ఎక్కడి నుంచి పోయిందంటావు?

చెవులపిల్లి

మాటల లోపలి నుంచే పోయింది :) మైకుముందు గారూ, ఆ ఫైల్లో "కొత్త" అన్న మాట ఒక్కటే విని చూడండి. "కొత" అని వినిపిస్తుంది. పందెం.

మైకుముందు

అయ్యో, నిజమే! "కొత ఫిల్టర్" అంటోంది. "ఇప్పుడు" కూడా "ఇపుడు" అయింది, "తక్కువ" అయితే "తకువ". స్క్రిప్టులో మాటలు నాకు కంఠతా కాబట్టి చెవి సర్దేసుకుంది కాబోలు, పట్టుకోలేకపోయాను. ఇలా ఎందుకైంది?

చెవులపిల్లి

తెలుగులో ఒత్తు చాలావరకు నిశ్శబ్దమే కాబట్టి. "కొత్త" అనండి, నెమ్మదిగా. "కొ" తర్వాత నాలుక పళ్ల వెనక ఆనుకుని ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు గాలి లేదు, శబ్దం లేదు. వేవ్‌ఫామ్‌లో అక్కడ గీత చదునుగా కనిపిస్తుంది. తర్వాత ఒక్కసారి వదిలితే "త" పేలుతుంది. ఒంటి "త"కీ ఇదే జరుగుతుంది, ఆ ఆగడం పొట్టిగా ఉంటుంది, అంతే తేడా. అంటే "త", "త్త" మధ్య చెవికి దొరికే ముఖ్యమైన ఆనవాలు ఆ ఖాళీ పొడవే. మీ చదువులో జూమ్ చేసి కొలవండి, "కొత్త"లో ఎంతుందో.

మైకుముందు

0.16 ఉంది. "ఇప్పుడు"లో 0.14.

చెవులపిల్లి

మీరు సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చిన ఆజ్ఞ ఏంటి? 0.1 కంటే పొడవైన ఏ నిశ్శబ్దాన్నైనా 0.05 చేసెయ్ అని. పాపం దానికి ఒత్తు ఏదో, కామా ఏదో తెలియదు. క్క, చ్చ, ట్ట, త్త, ప్ప, ఈ ఐదూ కనిపించిన చోటల్లా కత్తి పడింది. మ్మ, న్న, ల్ల లాంటివి మాత్రం బతికిపోతాయి, వాటిలో గొంతు మోగుతూనే ఉంటుంది కదా. అందుకే ఫైలు అంతా చెడినట్టు అనిపించదు, అక్కడక్కడా ఎవరో పరాయి యాసలో చదివినట్టుంటుంది. మీరన్న "ఏదో తేడా" అదే.

ఈ ఫిల్టర్ వాడి తీరాలంటే డ్యూరేషన్ కనీసం 0.25 పెట్టండి. అప్పుడు ఒత్తుల జోలికి రాదు. కానీ 30 సెకన్ల యాడ్‌లో ఉన్నవి తొమ్మిది ఖాళీలు. వాటికి ఆటోమేటిక్ ఎందుకు, చేత్తో కోసుకోండి.

టకటక

మరి టెంపో పెంచినా ఒత్తు తగ్గుతుందిగా? అప్పుడు "కొత" అవ్వదా?

చెవులపిల్లి

మంచి ప్రశ్న. టెంపో అన్నింటినీ ఒకే నిష్పత్తిలో కుదిస్తుంది. 4 శాతానికి 0.16 కాస్తా 0.154 అవుతుంది, పక్కనున్న ఒంటి "త" కూడా అంతే వాటా తగ్గుతుంది. చెవి కొలిచేది పక్కవాటితో పోల్చుకునే కాబట్టి ఒత్తు ఒత్తుగానే, దీర్ఘం దీర్ఘంగానే మిగులుతాయి. కత్తిరింపు అలా కాదు, ఒక్కచోటే కోస్తుంది. అందుకే కత్తిరింపు మాటల మధ్యే జరగాలి, మాట లోపలికి వెళ్లకూడదు.

కత్తెర బాబాయ్

ఇప్పుడు లెక్క వేద్దాం. మొత్తం 30.00లో మాట 30.00 ఉండకూడదు. మొదట 0.1, చివర 0.4 వదులు. చివరి అంకె అలా పూర్తయి, మ్యూజిక్ ఉంటే దాని తోక కూడా ఆగడానికి చోటు కావాలి. అంటే మాటకి 29.50.

నీ 33.40లో రెండు చివరల 0.45, 0.60 తీసేస్తే మాట 32.35. వాక్యాల మధ్య ఐదు ఖాళీలని ఒక్కోటి సుమారు 0.35 చెయ్: 3.10 కాస్తా 1.75 అవుతుంది, 1.35 మిగిలింది. కామాలు 0.18 చొప్పున: 1.12 కాస్తా 0.72, ఇంకో 0.40 మిగిలింది. మాట 30.60 అయింది. ఇక దీన్ని 29.50కి తేవాలంటే 30.60ని 29.50తో భాగిస్తే 1.0373. అంటే 3.73 శాతం. నీ 11.33 ఎక్కడ, ఇదెక్కడ.

ఐదు ఖాళీలూ సరిగ్గా 0.35 ఉండాలని కూర్చోకు. అన్నీ ఒకేలా ఉంటే మెషీన్ చదివినట్టుంటుంది. ప్రశ్న వేసిన చోట కాస్త ఎక్కువ, జాబితా చదివేచోట తక్కువ, మొత్తం 1.75 అయితే చాలు.

మైకుముందు

కోసేటప్పుడు ఊపిరి ఏం చేయాలి? ఖాళీ 0.35 అంటే ఊపిరే 0.3 ఉంది కొన్నిచోట్ల.

టకటక

ఊపిరి మొత్తం తీసెయ్యండి. యాడ్స్‌లో ఊపిరి ఎవరికి కావాలి?

కత్తెర బాబాయ్

నేను ఒప్పుకోను. ఆరు వాక్యాలు ఊపిరి లేకుండా వింటే వినేవాడికే ఆయాసం వస్తుంది. ఊపిరి మొదటి సగం కోసి, మాటకి ఆనుకున్న రెండో సగం ఉంచి, దాని వాల్యూమ్ 6 నుంచి 8 డీబీ తగ్గిస్తాను. ఊపిరి పీల్చుకోవడం మాటకి ముందు ఎత్తుకున్న సన్నాహం లాంటిది, దాని చివర అతుక్కుని ఉంటేనే సహజం.

చెవులపిల్లి

నేను మధ్యలో ఉన్నాను. కింద మ్యూజిక్ గట్టిగా ఉంటే తీసేసినా ఎవరికీ తెలియదు. ఒట్టి గొంతే అయితే బాబాయ్ చెప్పినట్టే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఊపిరి తీసినచోట పూర్తి నిశ్శబ్దం పెట్టకండి, గది శబ్దం తుంపి పెట్టండి. మీ ఫైలు మొదట్లో 0.45 ఉందన్నారు కదా, అది పారేయకండి, అదే మీ గది శబ్దం. లేకపోతే ప్రతి ఖాళీలోనూ ఫ్యాన్ ఎవరో ఆపి మళ్లీ వేసినట్టుంటుంది.

మైకుముందు

ఫ్యాన్ కట్టేసే చదివానండీ!

చెవులపిల్లి

కట్టేసినా గదికి ఓ శబ్దం ఉంటుందండీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ 0.45 లూప్‌లో వినండి, తెలుస్తుంది.

మైకుముందు

సరే, కోశాను. అతుకుల దగ్గర రెండు చోట్ల సన్నగా "టిక్" అంటోంది. ఒకచోట, "స్వచ్ఛమైన" తర్వాత, మాట తోక తెగినట్టుంది.

కత్తెర బాబాయ్

టిక్ ఎందుకంటే రెండు ముక్కలూ కలిసిన చోట గీత ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకి ఎగిరింది. అతుకు మీద 10 మిల్లీసెకన్లు క్రాస్‌ఫేడ్ ఇవ్వు, పోతుంది. మాట తోక సంగతి వేరు. "స్వచ్ఛమైన" చివర "న"లో గొంతు నెమ్మదిగా ఆరుతుంది, స్క్రీన్ మీద గీత సన్నబడేసరికి అయిపోయిందనుకుని కోసేశావు. అన్‌డూ చేసి కత్తిని ఆ మాట నుంచి 0.1 దూరం జరుపు. ఖాళీలో ఎప్పుడూ నడుమ కోయాలి, అంచు దగ్గర కాదు.

కమాండ్‌లైన్

ఆలస్యంగా వచ్చాను. మౌస్ ఎందుకు, ఒక్క లైను చాలు:

```
ffmpeg -i trimmed.wav -af atempo=1.0373 voice.wav
```

గొంతు మారదు, వేగమే మారుతుంది.

మైకుముందు

దానికి ముందు ఒక డౌటు. మొత్తానికీ 3.73 పెడితే ఫోన్ నంబరు కూడా వేగంగా వెళ్తుంది. అసలే గబగబా చదివాను. నంబరు వరకు వదిలేస్తే?

కత్తెర బాబాయ్

నేను చెప్దామనుకున్నదే అడిగావు. నంబరు ఎంతసేపుంది?

మైకుముందు

4.60.

కత్తెర బాబాయ్

అయితే మిగతా 26.00ని 24.90 చెయ్యాలి. 26.00ని 24.90తో భాగిస్తే 1.0442. అంటే నంబరుకి సున్నా, మిగతా అంతటికీ 4.42 శాతం. ఇంకా ఐదు లోపే. వేగం మారేచోటు వాక్యాల మధ్య ఖాళీలో ఉండేలా చూసుకో, మాట మధ్యలో మారితే తూలినట్టుంటుంది. రెండోది, స్ట్రెచ్ ఒక్కసారే చెయ్యి. 2 శాతం చేసి, చాలలేదని మళ్లీ 2 చేయకు. ప్రతిసారీ గొంతుని చిన్నచిన్న ముక్కలు చేసి, కొంత ఒకదాని మీద ఒకటి జరిపి అతుకుతుంది. నీ 11 శాతంలో "ట", "ప" నలిగింది అందుకే. ఆ పేలుడు కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది, అతుకు సరిగ్గా దానిమీద పడితే మసకబారుతుంది. నచ్చకపోతే అన్‌డూ చేసి కోసిన ఒరిజినల్ నుంచి మొదలెట్టు.

రాత్రి ఎడిటర్

అయితే మ్యూజిక్ కలిపాక ఒకేసారి చేస్తే పని తగ్గుతుంది కదా, మిక్స్ మొత్తానికి?

చెవులపిల్లి

వద్దు. ఒక్క గొంతులో ఒక్క పిచ్ తిరుగుతూ ఉంటుంది, ముక్కల్ని ఎక్కడ కలపాలో ఆ లయ చూసి సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. మ్యూజిక్ కలిసిందంటే ఒకదానికి సరిపోయిన అతుకు ఇంకోదానికి సరిపోదు, సాగే స్వరాలు వణుకుతాయి. రివర్బ్ వేసిన గొంతుకీ ఇదే బాధ. పొడి గొంతుని సరిచేసుకుని, మ్యూజిక్‌ని దాని దారిన 30కి కత్తిరించి, ఆ తర్వాతే కలపండి.

టకటక

కంప్రెసర్ ముందా, స్ట్రెచ్ ముందా?

కత్తెర బాబాయ్

స్ట్రెచ్ ముందు.

చెవులపిల్లి

నేను తేలికపాటి కంప్రెషన్ చేశాకే స్ట్రెచ్ చేస్తాను, తేడా ఎప్పుడూ వినపడలేదు. ఇది ఇక్కడ తేలేది కాదు బాబాయ్ :)

నిదానం

నాది మీకు తిరగబడ్డ కేసు. నా చదువు 26 సెకన్లే వచ్చింది, 30 చేయాలి. టెంపో తగ్గిస్తే మత్తులో ఉన్నట్టుంది. ఇదే లెక్క వర్తిస్తుందా?

చెవులపిల్లి

లెక్క వర్తిస్తుంది, చెవి ఒప్పుకోదు. సాగదీసేటప్పుడు లేని శబ్దాన్ని పుట్టించాలి, "ఆ", "ఈ" లాంటి దీర్ఘాలు ముందు దొరికిపోతాయి. 29.5 మాట కోసం 26ని సాగదీస్తే 12 శాతం వేగం తగ్గాలి, అది చాలా ఎక్కువ. ఖాళీలు పెంచి, 2 శాతం లోపు స్ట్రెచ్ చేసి, మిగిలింది మ్యూజిక్‌కి వదిలేయండి. 26లో మాట అయిపోవడం తప్పు కాదు.

మైకుముందు

చేశాను. నంబరు వదిలేసి మిగతాదానికి 4.42, హై క్వాలిటీ టిక్‌తో. "కొత్త" కొత్తగానే ఉంది :) బక్కెట్ పోయింది. మా ఇంట్లో ఒకరికి స్క్రిప్టు చూపించకుండా ఒక్కసారి వినిపించి నంబరు రాయమన్నాను, పది అంకెలూ కరెక్ట్‌గా రాశారు.

ఒక చిక్కు. ఎంపీత్రీ చేసి చూస్తే 30.04 అంటోంది. ఆడాసిటీలో మాత్రం 30.000. ఎక్కడ పెరిగింది?

కమాండ్‌లైన్

ఎంపీత్రీలోనే. అది శబ్దాన్ని 1152 శాంపిళ్ల పెట్టెల్లో పెడుతుంది. 44100 దగ్గర ఒక్కో పెట్టె దాదాపు 26 మిల్లీసెకన్లు. 30 సెకన్లు నిండు పెట్టెల్లో సరిపోవు, పైగా ఎన్‌కోడర్ మొదట్లో కాస్త ఖాళీ కలుపుతుంది. కాబట్టి ఎంపీత్రీలో 30.000 కోసం వెతకకండి, వేవ్ ఫైలు పంపండి. 48000 దగ్గర 30 సెకన్లంటే సరిగ్గా 1440000 శాంపిళ్లు. ఒకటి ఎక్కువా తక్కువా కాకుండా బిగించాలంటే:

```
ffmpeg -i mix.wav -ar 48000 \
 -af "aresample=48000,apad=whole_len=1440000,atrim=end_sample=1440000" ad30.wav
```

పొట్టిగా ఉంటే చివర నిశ్శబ్దం కలుపుతుంది, పొడుగ్గా ఉంటే కోస్తుంది. చివర 0.4 వదిలారు కాబట్టి కోసినా మాట తెగదు.

కత్తెర బాబాయ్

పంపేముందు వాళ్లు ఏ ఫార్మాట్ అడిగారో చూసుకో. ఎంపీత్రీనే కావాలంటే 29.9కి చేసి ఇవ్వు, వాళ్ల మీటర్ మీద 30 లోపే ఉంటుంది.

మైకుముందు

వేవ్ అడిగారు, పంపేశాను. ఇంతలో క్లయింట్ ఫోన్ చేసి 20 సెకన్లది కూడా కావాలంటున్నారు, ఇదే స్క్రిప్టుతో.

కత్తెర బాబాయ్

29.5 మాటని 19.5 చేయాలంటే 51 శాతం. స్క్రిప్టు మార్చమను.

నిదానం

నా 26 సెకన్లది ఇచ్చేయమంటారా :)